ధరల పట్టికలో ఫార్ములా కిందికి బాగానే వస్తోంది, అడ్డంగా లాగితే మాత్రం డిస్కౌంట్ ఎక్కువైపోతోంది

బేగంబజార్_పద్దు

హోల్‌సేల్ డ్రైఫ్రూట్స్ దుకాణానికి ధరల పట్టిక చేస్తున్నాను. ఎక్సెల్ 2016. A కాలమ్‌లో సరుకు పేరు, B కాలమ్‌లో కిలో ధర. మూడో వరుసలో C నుంచి F వరకు డిస్కౌంట్ శాతాలు: 1 కిలోకి 0%, 5 కిలోలకి 2%, 10 కిలోలకి 5%, 25 కిలోలకి 8%. నాలుగో వరుస నుంచి సరుకులు మొదలు. ఇక్కడ అర్థం కావడానికి నాలుగే పెడుతున్నాను, ధరలు కూడా ఊరికే గుండ్రంగా రాశాను: B4 బాదం 800, B5 జీడిపప్పు 900, B6 కిస్‌మిస్ 400, B7 పిస్తా 1200.

C4లో ఇది రాసి ముందు కిందికి, తర్వాత కుడివైపుకి లాగాను.

```
=B4*(1-C$3)
```

C, D కాలమ్‌లు కాలిక్యులేటర్‌తో సరిపోయాయి. F7లో పిస్తా 25 కిలోలు కొంటే కిలో ధర 1104 రావాలి కదా, 1027.82 వస్తోంది. ఎక్కడా ఎర్రర్ చూపించడం లేదు. ఫార్ములా సరిచేయడం ఒక ఎత్తు, అసలు షీటులో 140 సరుకులున్నాయి, అన్ని గడులూ సరిగ్గా కాపీ అయ్యాయని నమ్మకంగా ఎలా తెలుసుకోవాలి అన్నది నా అసలు ప్రశ్న.

వినయ్_ఎల్బీనగర్

Formulas ట్యాబ్‌లో Calculation Options చూడండి. Manual మీద ఉందేమో. అప్పుడు లాగిన గడులన్నీ పాత విలువే చూపిస్తాయి. Automatic పెట్టండి, లేదా F9 నొక్కండి.

బేగంబజార్_పద్దు

Automatic మీదే ఉందండి. గడుల్లో విలువలు వేర్వేరుగానే వస్తున్నాయి, కానీ తప్పు వస్తున్నాయి.

సైఫాబాద్_ఆడిట్

వినయ్ గారు చెప్పిన లక్షణం వేరే. Manual అయితే ఫార్ములా సరిగ్గా మారి ఉంటుంది, విలువ మాత్రం మొదటి గడిదే కనిపిస్తుంది. ఇక్కడ ఫార్ములానే తప్పు దారిలో మారింది.

C4లో మీరు రాసిన B4కి డాలర్ లేదు. అంటే ఎక్సెల్ దాన్ని "నాకు ఎడమ పక్క గడి" అని గుర్తుపెట్టుకుంటుంది. కిందికి లాగినప్పుడు ఎడమ పక్క ఎప్పుడూ B కాలమే కాబట్టి అంతా బాగుంది. కుడివైపు D4కి వెళ్లేసరికి ఎడమ పక్కనున్నది C4, అంటే అసలు ధర కాదు, అప్పటికే డిస్కౌంట్ పోయిన ధర. E4 వచ్చి D4ని తీసుకుంటుంది, F4 వచ్చి E4ని. తగ్గింపు మీద తగ్గింపు పడుతూ పోతోంది. పిస్తాకి లెక్క వేయండి: 1200 × 0.98 × 0.95 × 0.92 = 1027.824. సరిగ్గా మీకు వచ్చిన అంకె. 8 శాతం పోవాల్సిన చోట 14.35 శాతం పోతోంది. కిలోకి 76 రూపాయలు చిల్లర మీ జేబులోంచి.

ఇది ప్రమాదకరమైన రకం. ఎందుకంటే 1027 అనేది చూడ్డానికి నమ్మదగ్గ ధరే. C$3లో కూడా డాలర్ లేకపోయి ఉంటే C5లోకి 900*(1-800) వచ్చి మైనస్ 7,19,100 కనిపించేది, మీరు అప్పుడే పట్టుకునేవారు.

కోఠి_కంప్యూటర్స్

ఇంత చర్చ దేనికన్నా? ఫార్ములాలో B4 మీద కర్సర్ పెట్టి F4 కీ కొట్టు, డాలర్లు వచ్చేస్తయ్. డాలర్ పెడితే ఇంక ఎటూ కదలదు. అయిపాయె.

బేగంబజార్_పద్దు

అలాగే చేశాను అన్నా. ఇప్పుడు F కాలమ్‌లో పై నుంచి కింది దాకా అన్నీ 736.

సైఫాబాద్_ఆడిట్

అది $B$4 అయింది కాబట్టి. బాదం ధర 800 మీద అన్ని వరుసలూ కూర్చున్నాయి. ఒక కాలమ్ మొత్తం ఒకే అంకె కనిపిస్తే వరుస నంబరుకి అక్కర్లేని డాలర్ పడిందని అర్థం. అదే ఒక వరుస మొత్తం ఒకే అంకె ఉంటే కాలమ్ అక్షరానికి అక్కర్లేని డాలర్ పడిందేమో చూడాలి.

F4 నొక్కిన కొద్దీ ఇలా తిరుగుతుంది:

```
B4 → $B$4 → B$4 → $B4 → B4
```

మీకు ధర ఎప్పుడూ B కాలమ్ నుంచే రావాలి, వరుస మాత్రం మారాలి. కాబట్టి $B4, మూడుసార్లు నొక్కాలి. శాతం ఎప్పుడూ మూడో వరుస నుంచే రావాలి, కాలమ్ మారాలి. కాబట్టి C$3, రెండుసార్లు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో Fn కూడా కలిపి పట్టుకోవాలి.

```
=$B4*(1-C$3)
```

ఇది C4లో పెట్టి మళ్లీ C4:F7 అంతా నింపండి. C4 నుంచి F7 దాకా ఎంచుకుని, F2 నొక్కి, Ctrl+Enter కొడితే ఒకేసారి నిండుతుంది. లాగడం కంటే అదే నయం, ఫార్మాటింగ్ చెదరదు.

కోఠి_కంప్యూటర్స్

సరే, మూడుసార్లు. కానీ డాలర్ ఉంటే కదలదన్న మాట తప్పేం కాదు కదా.

సైఫాబాద్_ఆడిట్

కాపీ చేసేటప్పుడు కదలదు, అంతే. పైన ఒక వరుస చొప్పిస్తే C$3 తనంతట తానే C$4 అవుతుంది. శాతాల వరుసను కట్ చేసి ఇంకోచోట పేస్ట్ చేసినా ఫార్ములా వెంట పోతుంది. అది మంచిదే, అలాగే ఉండాలి. డాలర్ ఆ పనుల జోలికి రాదు.

రాధిక_మియాపూర్

సరిచూడ్డం గురించి: C4ని చూసి లాభం లేదు, అది మీరు చేత్తో రాసింది, ఎప్పుడూ కరెక్టే. దానికి ఎదురు మూల F7 మీద F2 నొక్కండి. ఫార్ములాలో ఉన్న గడుల చుట్టూ రంగు పెట్టెలు వస్తాయి. ఒకటి B7 మీద, ఒకటి F3 మీద ఉండాలి. మీ పాత ఫార్ములాకి మొదటి పెట్టె E7 మీద ఉండేది, అక్కడే దొరికిపోయేది.

మొత్తం షీటుకి ఇంకో పద్ధతి ఉంది, నేను అదే వాడతాను. File, Options, Formulas లోకి వెళ్లి R1C1 reference style టిక్ పెట్టండి. అప్పుడు సరిగ్గా కాపీ అయిన ప్రతి గడిలోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఫార్ములా కనిపిస్తుంది. Ctrl+` నొక్కితే విలువల బదులు ఫార్ములాలు కనబడతాయి, కళ్లతో ఒకసారి చూస్తే చాలు. అన్నీ ఒకటే ఉంటే కరెక్ట్.

సైఫాబాద్_ఆడిట్

మూల గడి పరీక్ష చాలా మంచిది. R1C1 కూడా నేను వాడతాను. కానీ మీ చివరి వాక్యం దగ్గర ఆగాలి మేడమ్. ఆయన పాత తప్పు ఫార్ములాని R1C1లో చూడండి:

```
=RC[-1]*(1-R3C)
```

పదహారు గడుల్లోనూ ఇదే ఉంటుంది. తేడా ఏమీ కనబడదు. అందుకే ఎక్సెల్ పచ్చ త్రికోణం కూడా పెట్టలేదు, అది కూడా పక్క గడులతో పోలిక చూసే పెడుతుంది. అన్నీ ఒకటే ఉన్నాయంటే కాపీ నిజాయితీగా జరిగింది అని మాత్రమే. తప్పు కూడా అంతే నిజాయితీగా కాపీ అవుతుంది.

కాబట్టి R1C1లో పోలిక చూశాక, ఆ ఒక్క ఫార్ములాని చదవాలి. బ్రాకెట్‌లో ఉన్న నంబరు కదిలేది, బ్రాకెట్ లేని నంబరు కదలనిది. RC[-1] అంటే "ఇదే వరుస, ఒక గడి ఎడమకి". మీకు కావలసింది అది కాదు, "ఇదే వరుస, రెండో కాలమ్":

```
=RC2*(1-R3C)
```

పని అయ్యాక ఆ టిక్ తీసేయండి. లేకపోతే తర్వాత షీటు తెరిచినవాళ్లకి పైన A, B, C బదులు 1, 2, 3 కనిపించి కంగారు పడతారు.

రాధిక_మియాపూర్

ఒప్పుకుంటాను, చదవకుండా పోలిక ఒక్కటే చూస్తే సరిపోదు. అయినా మధ్యలో ఎవరో గడి మీద చేత్తో అంకె టైప్ చేసేసిన సందర్భానికి పోలికే దిక్కు. C4 నుంచి మొదలుపెట్టి బ్లాక్ అంతా ఎంచుకుని Ctrl+\ కొట్టండి. ప్రతి వరుసలోనూ C కాలమ్ ఫార్ములాతో సరిపోలని గడులను మాత్రమే ఎంచి చూపిస్తుంది. ఏమీ లేకపోతే No cells were found అంటుంది.

సైఫాబాద్_ఆడిట్

అవును. అయితే C కాలమ్‌లోనే ఎవరైనా టైప్ చేస్తే ఆ వరుసలో మిగతావన్నీ తేడాగా కనిపిస్తాయి, ఏది దొంగో మనమే చూసుకోవాలి.

బేగంబజార్_పద్దు

కొత్త ఫార్ములా పెట్టాను, F7లో 1104 వచ్చింది. F2 పెట్టెలు B7, F3 మీదే ఉన్నాయి. ఒక అనుమానం. పాత ఫార్ములాతో D కాలమ్ ఎందుకు సరిగ్గా వచ్చింది? అది సరిపోయింది కదా అనే మిగతావి చూడకుండా వదిలేద్దామనుకున్నాను.

సైఫాబాద్_ఆడిట్

C3లో 0% ఉంది కాబట్టి. C4 కూడా 800, B4 కూడా 800. D4 తప్పు గడిని పట్టుకున్నా అందులో సరైన అంకే ఉంది. సున్నా శాతం, సమానమైన ధరలు, 1తో గుణకారం, ఇవన్నీ ఇలాంటి తప్పులను దాచిపెడతాయి. పరీక్షించేటప్పుడు C3లో తాత్కాలికంగా 1% పెట్టండి, నాలుగు శాతాలూ నాలుగు ధరలూ వేర్వేరుగా, సున్నా కాకుండా ఉండేలా చూడండి. తర్వాత మళ్లీ 0 చేయండి.

ఇంకా తేలికైన పరీక్ష ఒకటుంది, దానికి ఫార్ములా చదవడం కూడా రానక్కర్లేదు. ఒక్క అంకె మార్చి ఏ గడులు కదులుతున్నాయో చూడటం. B6లో కిస్‌మిస్ 400ని 4000 చేయండి. ఆరో వరుస మాత్రమే మారాలి, వేరే వరుసలో ఒక్క గడి కదిలినా తప్పు. Ctrl+Z కొట్టి వెనక్కి తెచ్చి, D3లో 2%ని 50% చేయండి. D కాలమ్ మాత్రమే మారాలి. మీ పాత ఫార్ములాకి ఈ రెండో పరీక్షలో D, E, F మూడూ కదిలేవి. మొదటి పరీక్షలో మాత్రం అది పాసయ్యేది. అందుకే ఒకసారి వరుస, ఒకసారి కాలమ్, రెండూ చేయాలి.

బేగంబజార్_పద్దు

బ్యాకప్ షీటులో పాత ఫార్ములా ఉంది, దాని మీద చేసి చూశాను. మీరన్నట్టే D3 మారిస్తే మూడు కాలమ్‌లూ కదిలాయి. బాగుంది. కానీ 140 వరుసలకి కళ్లతో చూడటం కష్టం. షీటులోనే ఒక గడిలో "అంతా సరే" అని కనబడేలా చేయొచ్చా?

సైఫాబాద్_ఆడిట్

చేయొచ్చు. పట్టిక బయట, H1లో ఇది పెట్టండి:

```
=SUMPRODUCT(--(ROUND(C4:F7-B4:B7*(1-C3:F3),2)<>0))
```

ఇది ధరల కాలమ్ మొత్తాన్ని శాతాల వరుస మొత్తంతో ఒకేసారి గుణించి, మీ బ్లాక్‌తో గడికి గడి పోల్చి, తేడా ఉన్న గడులు ఎన్నో లెక్కపెడుతుంది. ఇందులో డాలర్ ఒక్కటీ లేదు, ఎందుకంటే దీన్ని ఎక్కడికీ కాపీ చేయం. డాలర్ తప్పును పట్టుకునే లెక్కలో డాలర్ లేకపోవడమే దీని బలం. 2016లో మామూలుగా Enter కొడితే చాలు.

ROUND ఎందుకంటే, దశాంశాల లెక్కలో కంప్యూటర్ పైసాలో ఎక్కడో అతి చిన్న ముక్క తేడా చూపిస్తుంది, అది తప్పుగా లెక్కకి రాకూడదు. బ్లాక్‌లో ఎక్కడైనా NA అనో గీత అనో అక్షరాలుంటే #VALUE! వస్తుంది. అదీ ఒక హెచ్చరికే.

బేగంబజార్_పద్దు

పాత షీటులో 8 వచ్చింది. కొత్తదానిలో 0.

సైఫాబాద్_ఆడిట్

ఆ 8 అంటే E, F కాలమ్‌లు, నాలుగేసి గడులు. పాత షీటులో C3ని 1% చేయండి, 12 అవుతుంది, D కూడా బయటపడుతుంది.

దిల్‌సుఖ్‌నగర్_టీచర్

ఇక్కడే అడుగుతున్నాను, ఏమనుకోకండి. మార్కుల షీటులో నాదీ ఇదే సమస్య అనుకుంటా. VLOOKUP రాసి కుడివైపు లాగితే అన్ని సబ్జెక్టులకీ తెలుగు మార్కులే వస్తున్నాయి. డాలర్లన్నీ పెట్టాను.

```
=VLOOKUP($A4,Marks!$A$2:$F$60,2,0)
```

రాధిక_మియాపూర్

డాలర్లు బాగానే ఉన్నాయి టీచర్ గారూ. మారనిది ఆ 2. అది గడి చిరునామా కాదు, ఒట్టి అంకె, లాగితే మారదు. B4లో దాని బదులు COLUMNS($A:B) పెట్టండి, అది 2 ఇస్తుంది. కుడికి లాగితే COLUMNS($A:C) అయి 3 అవుతుంది. మీ సబ్జెక్టుల వరుస రెండు షీట్లలోనూ ఒకేలా ఉంటేనే ఇది పనిచేస్తుందన్నది గుర్తుంచుకోండి.

$A$2:$F$60లో డాలర్లు తీయకండి. తీస్తే కిందికి లాగినకొద్దీ పట్టిక కూడా కిందికి జారి, పై వరుసల్లో ఉన్న పిల్లలకి #N/A రావడం మొదలవుతుంది. అందరికీ రాదు, కొందరికే వస్తుంది, అందుకే పేరు తప్పు రాశామేమో అనుకుంటారు.

దిల్‌సుఖ్‌నగర్_టీచర్

వచ్చిందండీ, థాంక్స్.

మాదాపూర్_షీట్స్

కొత్త ఎక్సెల్‌లో ఈ గొడవే లేదు. C4లో ఇది ఒక్కటే రాయండి, పదహారు గడులూ అవే నిండుతాయి. గూగుల్ షీట్స్‌లో అయితే ARRAYFORMULA లోపల పెట్టాలి.

```
=B4:B7*(1-C3:F3)
```

కాపీ చేసేదే లేదు, ఇక డాలర్ తప్పు ఎక్కడ? మధ్యలో ఎవరైనా అంకె టైప్ చేస్తే #SPILL! అని మొహం మీదే చెబుతుంది.

సైఫాబాద్_ఆడిట్

ఆయనది 2016. అందులో తనంతట అది పరుచుకోదు. పదహారు గడులూ ఎంచుకుని Ctrl+Shift+Enter కొట్టాలి, ఆ తర్వాత అందులో ఒక్క గడిని విడిగా మార్చనివ్వదు, మధ్యలో వరుస చొప్పించనివ్వదు. రోజూ సరుకులు చేరే దుకాణానికి అది ఇబ్బంది.

మాదాపూర్_షీట్స్

మార్చనివ్వకపోవడమే కదా కావాల్సింది. ధరల పట్టికలో ఎవరు పడితే వాళ్లు గడులు మార్చడం ఎందుకు? నేనైతే వెర్షన్ మార్చమనే అంటాను.

సైఫాబాద్_ఆడిట్

ఆ పట్టిక పంపేది పాత వెర్షన్లున్న కొనుగోలుదారులకి కూడా. ఇక్కడ మీతో ఏకీభవించలేను.

బేగంబజార్_పద్దు

అసలు షీటులో H1 పెట్టాను, 140 వరుసలకి C4:F143, B4:B143. 1 వచ్చింది. Ctrl+\ కొడితే అంజీర్ వరుసలో E గడి దొరికింది. అందులో ఫార్ములా లేదు, సేఠ్ గారు పాత గిరాకీ ఒకరికి ఇచ్చే ధర నేరుగా టైప్ చేశారట. అది తీసేయొద్దన్నారు. అలా అని H1 ఎప్పుడూ 1 చూపిస్తుంటే రేపు నిజంగా ఇంకో తప్పు వచ్చినా గమనించను.

కోఠి_కంప్యూటర్స్

H1 చివర -1 పెట్టెయ్యన్నా. సున్నా అయితది.

రాధిక_మియాపూర్

వద్దు. సేఠ్ గారు ఆ గడిని రేపు సరిచేసి, ఇంకో గడి తప్పు పడినా సున్నాయే చూపిస్తుంది. ఆ ప్రత్యేక ధరను పట్టికలోంచి తీసి, పక్కన H కాలమ్‌లో ఆ గిరాకీ పేరుతో విడిగా రాయండి. పట్టికలో ఫార్ములాలే ఉండాలి.

సైఫాబాద్_ఆడిట్

నేనూ అదే అంటాను. ఇంకో మాట, కొత్త సరుకు చేర్చేటప్పుడు 143 కింద 144లో రాస్తే H1లోని పరిధి పెరగదు, ఆ వరుస పరీక్షకే రాదు. 144ని ఖాళీగా ఉంచి H1లో C4, B4తో మొదలయ్యే రెండు పరిధులూ 144 దాకా రాయండి, కొత్తది ఎప్పుడూ ఆ ఖాళీ వరుసకి పైన చొప్పించండి. అప్పుడు పరిధి దానంతట అదే పెరుగుతుంది. ఖాళీ వరుస వల్ల లెక్కకి నష్టం లేదు, సున్నాకి సున్నా సరిపోతుంది. చొప్పించిన వరుసలో ఫార్ములా నింపడం మరిచిపోతే, ధర ఉండి బ్లాక్ ఖాళీగా ఉంటుంది కాబట్టి H1లో 4 వస్తుంది.

బేగంబజార్_పద్దు

144 పద్ధతి పెట్టేశాను, ఒక వరుస చొప్పించి చూస్తే 4 పెరిగింది, ఫార్ములా నింపగానే తగ్గింది. ప్రత్యేక ధర విడిగా రాయడానికి మాత్రం సేఠ్ గారు ఇంకా ఒప్పుకోలేదు. పట్టిక ప్రింట్ తీసి కౌంటర్ మీద పెడతారట, ఆ ధర అందులోనే కనబడాలంటున్నారు. H1 ఇప్పటికి 1 మీదే ఉంది. ఆ గడికి పసుపు రంగు వేసి, H2లో "అంజీర్ 10 కిలోలు, సేఠ్ ధర" అని రాసి పెట్టాను. ఇంతకంటే మంచి ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి.